స్థలదేవత: నేల, నీరు, పేరు

(వాస్తుశిల్ప విద్యార్థుల సిద్ధాంత సదస్సులో చేసిన ప్రసంగమునకు ఈ సంచిక పాఠకుల కొరకు ఇచ్చిన వ్రాతరూపము)



కట్టడముల శాస్త్రము చదువుకొను పిల్లల సదస్సులో నాకు ఇచ్చిన విషయము ‘జీనియస్ లోకై’. ఇది లాటిన్ మాట. ‘స్థలమునకు చెందిన ప్రాణదేవత’ అని దీని అర్థము. లోకై అనగానే మన లోక శబ్దము చెవిలో మెదలుతుంది గాని ఈ రెండు మాటలకు చుట్టరికము లేదని భాషావేత్తలు చెప్తారు. చుట్టరికము మాటలో లేకపోయినా భావములో ఉన్నది. ప్రాచీన రోమకులు ప్రతి ఇంటికి, ప్రతి ఊటకు, ప్రతి తోపుకు ఒక రక్షకదేవత ఉన్నదని నమ్మేవారు. పాంపే నగరములో బయటపడిన ఇండ్ల పూజాస్థానముల గోడలపై ఆ దేవతను సర్పరూపములో చిత్రించినారు. పుట్టకు పాలు పోసే మన ఆడపడుచులకు ఈ సంగతి విడమరచి చెప్పవలసిన పని లేదు. మన అమరావతి శిల్పఫలకములలో కూడా స్తూపమును చుట్టుకొని ఉన్న నాగములు కనిపిస్తాయి.

ఈ ప్రాచీన భావనను కట్టడముల సిద్ధాంతములోనికి తెచ్చినవారు నార్వే దేశపు పండితుడు క్రిస్టియన్ నార్బర్గ్ షుల్జ్. ఆయన గ్రంథము 1979లో ఇటలీ భాషలో, 1980లో ఆంగ్లములో వెలువడినది. ఆయన చెప్పినదాని సారము ఇది. మనిషి ఒక చోట నివసించుట అనగా తలదాచుకొనుట మాత్రమే కాదు. తాను ఎక్కడ ఉన్నాడో, ఏ దిక్కున ఏమున్నదో తెలియాలి. ఆ చోటు తనది అనిపించాలి. మంచి కట్టడము ఆ స్థలము యొక్క స్వభావమును కంటికి కనపడునట్లు చేస్తుంది. మాట బాగున్నది. అయితే ‘స్వభావము’ అన్నచోట ఆగిపోతే అది గాలిలో మాట అవుతుంది. ఏ స్వభావము? దానిని ఎట్లా పరీక్షించాలి? ఆలయమును బాగుచేయునప్పుడు ఏది మార్చవచ్చును, ఏది మార్చరాదు? ఆ ప్రశ్న మన ఆలయము విషయములో గడచిన కొన్ని సంవత్సరములుగా మనలను వేధించినది గనుక, విద్యార్థులకు చెప్పినది మీకును చెప్పుట ధర్మము.

మన శాస్త్రములో స్థలదేవత ఒక్కరు కారు. భూమిలో వాస్తుపురుషుడు ఉన్నాడు. దేవతలందరు కలసి ఆయనను నేలకు అదిమి, తలా ఒక అవయవముపై కూర్చున్నారని కథ. హద్దులో క్షేత్రపాలుడు ఉన్నాడు. పొలిమేరలో పోలేరమ్మ ఉన్నది. ఊరి నడుమ బొడ్రాయి ఉన్నది. గ్రామమునకు అది నాభి. బొడ్రాయిని మరల ప్రతిష్ఠించినప్పుడు ఎక్కడెక్కడో ఉన్న ఊరివారు, అత్తవారిండ్లకు వెళ్ళిన ఆడపిల్లలు తిరిగి వస్తారు. ఆ రాతికి శిల్పము లేదు, ఎత్తు లేదు. ప్రదర్శనశాలలో పెట్టితే దాని వైపు ఎవరును తిరిగి చూడరు. దాని విలువ అంతయు అది ఉన్న చోటులోను, దానితో మనుషులకు ఉన్న సంబంధములోను ఉన్నది. నేను విద్యార్థులకు ముందుగా చెప్పినది ఇదే: స్థలదేవత రాతిలో లేదు, రాయి తన చుట్టూ ఉన్న నేలతో, నీటితో, మనుషులతో పెట్టుకొన్న సంబంధములో ఉన్నది.

ఆగమము కూడా ఈ భేదమును పాటిస్తుంది. జీర్ణోద్ధరణ సమయములో స్వామివారి కళలను కుంభములోనికి ఆకర్షించి బాలాలయములో ఉంచుతాము. పనులు ముగిసిన పిమ్మట మరల మూలమూర్తికి చేరుస్తాము. అనగా దేవతాకళకు ప్రయాణము ఉన్నది. స్థలమునకు మాత్రము కుంభము లేదు.

దీనిని మన ప్రాంతపు కట్టడములలోనే చూడవచ్చును. మొదట అమరావతిని తీసుకొందాము. అమరేశ్వరస్వామివారి లింగము సుమారు పదిహేను అడుగుల ఎత్తు ఉంటుంది. లింగము పెరుగుతూ పోతుంటే శిరస్సున మేకు కొట్టినారని, అప్పటితో పెరుగుట ఆగినదని స్థలపురాణము. అంత ఎత్తైన మూర్తికి క్రింద నిలబడి అభిషేకము చేయలేము. అందుచేత అర్చకుడు పై అంతస్తునకు వెళ్ళి అభిషేకము చేస్తాడు. ఆలయము కృష్ణ ఒడ్డున గుట్ట మీద ఉన్నది. యాత్రికుడు నది నుండి గుట్టకు, గుట్ట నుండి ఆలయమునకు, ఆలయములో మరల పైకి ఎక్కుతాడు. నేల మొదలుపెట్టిన ఆరోహణమును కట్టడము కొనసాగించినది. మూర్తి ఎత్తుగా ఉన్నది కదా అని పీఠమును లోతుగా పాతి పని సులువు చేసుకొనలేదు, మూర్తి వద్దకు మనిషినే ఎక్కించినారు.

అక్కడికి దగ్గరలోనే దీపాలదిన్నె ఉన్నది. మహాస్తూపము ఉండిన చోటు అది. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుండి అమరావతికి వచ్చి ఊరు కట్టుకొన్నప్పుడు ఆ దిన్నెలోని ఇటుకలను, రాళ్ళను కట్టడములకు తవ్వినారు. ఆ కాలముననే కల్నల్ మెకంజీ ఆ శిల్పములను చూచినాడు. మరల 1816లో వచ్చి చిత్రములు వ్రాయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకములు మద్రాసుకు, అక్కడ నుండి 1859లో లండనుకు ఓడ ఎక్కినవి. వానిని చలువరాళ్ళు అని పిలిచినారు గాని అవి మన పల్నాటి సున్నపురాళ్ళే. నేడు ఆ శిల్పములు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో, చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఎంతో శ్రద్ధతో కాపాడబడుచున్నవి. వానిని చూచినవారికి శిల్పి చేయి తెలుస్తుంది. కాని ఆ ఫలకములు చెక్కినది ప్రదక్షిణము చేయువారి కొరకు. నడచుచున్న మనిషికి ఒకదాని వెంట ఒకటిగా కథ విప్పుటకు చేసిన వరుస అది. గోడకు నిలిపిన ఫలకము ముందు మనిషి ఆగి చూస్తాడు, చుట్టూ తిరగడు. ఇక్కడ దిన్నె వద్ద చుట్టూ తిరగవచ్చును, చూడవలసిన వరుస లేదు. శిల్పము ఒకచోట, ప్రదక్షిణము ఒకచోట మిగిలినవి. తప్పు ఎవరిది అన్న విచారణ నాది కాదు. విడిపోయినది ఏమిటో గుర్తించుట మాత్రమే మనకు పని.

ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండిన లోయ అది. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు కృష్ణ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసినారు. లోయ మునిగిపోవునని తెలిసి 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు దానిని తవ్వి, నమోదు చేసినారు. మునుగుటకు ముందు ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని విప్పి, నేడు ద్వీపమైన కొండ మీదను, ఒడ్డున అనుపు వద్దను మరల నిలిపినారు. ఆ కాలమునకు అది సామాన్యమైన కృషి కాదు.

అయితే ఎట్లా నిలిచినవి? అనుపు వద్ద మెట్ల వరుసలున్న రంగస్థలము ఉన్నది. లోయలో ఆ రంగస్థలము కొండ పాదమున ఉండేది. పైన కొండవాలు మీద హారీతి ఆలయము దానిని చూస్తూ ఉండేది. అనుపులో ఈ రెంటిని ఒక్కచోటనే చేర్చినారు గనుక, ఆడువారు క్రింద, అమ్మవారు పైన అన్న సంబంధము కొంత అయినా వెంట వచ్చినది. కొండ మీద మరల నిలిపిన స్నానఘట్టము సంగతి వేరు. రాళ్ళు అవే, మెట్లు అవే. కాని మెట్టు అనునది నీటి కొరకు పుట్టినది. నీరు వేసవిలో తగ్గి, శ్రావణములో పొంగి, ఏ రోజు ఏ మెట్టు వరకు రావలెనో నిర్ణయిస్తుంది. నది రాని మెట్లు కొలతలో స్నానఘట్టమే, పనిలో కాదు. ఇక్కడ విద్యార్థులను ఒక ప్రశ్న అడిగినాను: ‘నాయనా, రంగస్థలమునకు తగిలిన గాయము, ఘట్టమునకు తగిలిన గాయము ఒక్కటేనా?’ ఒక అమ్మాయి చెప్పిన సమాధానము నాకు నచ్చినది. ‘రంగస్థలమునకు కావలసినది చూచేవారు, వారు ఎక్కడికైనా వస్తారు. ఘట్టమునకు కావలసిన నది రాదు’ అన్నది.

ఈ తర్కమును మన తెలుగునాట మరొక ఆలయము పేరుతోనే నిరూపిస్తుంది. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో సంగమేశ్వరస్వామి ఆలయము ఉండేది. శ్రీశైల జలాశయములో మునుగునని దానిని విప్పి అలంపురములో మరల కట్టినారు. ఆలయము దక్కినది. చాళుక్యుల శిల్పము దక్కినది. స్వామివారి పేరు కూడా సంగమేశ్వరుడే. ఆ పేరు విని, ఏ నదుల సంగమము అని క్రొత్తగా వచ్చిన భక్తుడు అడిగితే వ్రేలు చూపుటకు అక్కడ సంగమము లేదు. పేరు స్థలమును జ్ఞాపకము చేస్తూనే ఉన్నది. పేర్లలో స్థలము దాగి ఉండుట మనకు క్రొత్త కాదు. గుంటూరును సంస్కృతములో గర్తపురి అన్నారు, గర్తము అన్నా గుంట అన్నా ఒకటే.

ఇక్కడ ఒక సందేహము రావాలి, వచ్చినది కూడా. స్థలస్వభావము అనునది మారనిది అయితే, పాతదంతయు పవిత్రము, క్రొత్తదంతయు అపచారము అవుతుందా? ఇంగ్లండు దేశపు భూగోళశాస్త్రవేత్త డోరీన్ మాసీ 1991లో వ్రాసిన వ్యాసములో ఇట్టి ఆలోచనను తప్పుపట్టినారు. స్థలము అనునది గీత గీసి కాపాడుకొను పెట్టె కాదని, దూరప్రాంతములతో జరిగే రాకపోకల వలననే ఒక్కొక్క చోటునకు దాని ప్రత్యేకత వస్తుందని ఆమె వాదము. నాకు ఈ మాట మన పొలములలోనే ఋజువైనది. గుంటూరు అనగానే లోకము మొత్తము మిరపకాయను తలుస్తుంది. ఆ మిరప ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండముల నుండి పోర్చుగీసువారి ఓడలలో పదహారవ శతాబ్దిలో వచ్చినది. అంతకు ముందు మన కారము మిరియము. అంతెందుకు, 1967లో సాగరము నుండి కుడికాలువకు నీరు వదలిన తరువాతనే ఈ మెట్ట ప్రాంతములు చాలావరకు నేటి రూపమునకు వచ్చినవి. విజయపురిని ముంచిన నీరే మన చేలకు వచ్చినది. కాబట్టి స్థలదేవత కదలని విగ్రహము కాదు. ఆమె అతిథులను స్వీకరిస్తుంది. కాని వచ్చినవారు ఈ నేలతో, ఈ నీటితో పొత్తు కుదుర్చుకోవాలి. మిరప ఆ పొత్తు కుదుర్చుకొన్నది. కట్టడము కుదుర్చుకొనకపోతే ఏమవుతుందో నేల తానే చెప్తుంది.

మన నేల నల్లరేగడి. పత్తికి ఇంతకంటె మంచి నేల లేదు. తేమను దాచుకొని, వాన లేని దినములలో మొక్కకు ఇస్తుంది. ఆ గుణమే గోడకు శత్రువు. తడిసినప్పుడు రేగడి ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకొని బెత్తెడు నెఱియలు విచ్చుతుంది. దాని మీద తేలికగా కూర్చున్న గోడ సంవత్సరమునకు ఒకసారి పైకి లేచి, ఒకసారి క్రిందికి దిగుతుంది. గోడ అంతయు సమముగా లేచి దిగితే బాధ లేదు. ఒక మూల తడిగా, ఒక మూల పొడిగా ఉన్నప్పుడే చిక్కు.

వరాహమిహిరుని బృహత్సంహితలో భూపరీక్ష చెప్పబడినది. మూర లోతు, మూర వెడల్పు గుంట తవ్వి అదే మన్నుతో పూడ్చాలి. మన్ను మిగిలితే నేల ఉత్తమము, సరిపోతే మధ్యమము, చాలకపోతే అధమము. మరొక పరీక్ష: గుంట నిండా నీరు పోసి నూరడుగులు నడచి తిరిగి వచ్చి నీరు తగ్గినదా లేదా చూడాలి. వదులైన ఇసుకనేల, పాత పూడిక నేల ఈ పరీక్షలలో వెంటనే దొరికిపోతాయి. అయితే రేగడి దగ్గర జాగ్రత్త కావాలి. ఎండిన రేగడిని తవ్వితే పెడ్డలుగా లేస్తుంది. పెడ్డల నడుమ గాలి చేరి మన్ను ఎప్పుడును మిగులుతుంది, కనుక నేల ఉత్తమమని తేలుతుంది. అదే నేలలో వైశాఖమున నీరు పోస్తే నెఱియలలోనికి ఇంకిపోయి అధమమని తేలుతుంది. భాద్రపదములో పోస్తే చుక్క తగ్గదు. శాస్త్రము అబద్ధము కాదు. ఈ పరీక్ష బరువు మోయగల గట్టిదనమును చెప్తుంది, ఉబ్బుడును చెప్పదు. ఉబ్బుడు తెలియవలెనంటే ఆ నేలను ఏడాది పొడుగునా చూడాలి.

ఇప్పుడు మన ఆలయము సంగతికి వస్తాను. ముఖమండపము ఉత్తరపు గోడ బీటలు వారినదని, ద్వారబంధము మూలల నుండి మెట్లు మెట్లుగా పగుళ్ళు పైకి పోవుచున్నవని మీ అందరికి తెలుసును. గోడలు కూలుతాయన్న భయముతో గర్భాలయముతో సహా మొత్తము పడగొట్టి కాంక్రీటుతో కట్టుదామని కొందరు దాతలు ఉదారముగా ముందుకు వచ్చినారు. వారి భక్తికి నా నమస్కారము. పడగొట్టుటకు ముందు పగులు ఎందుకు వచ్చినదో తెలియాలని మేము అడిగినాము. ఇంజనీరు గారు, మేస్త్రి, నేను కలసి చేసిన పని చాలా చిన్నది. పగులు మీద అక్కడక్కడ సన్నని గాజుపట్టీలు సున్నముతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాసి, ప్రతి పౌర్ణమికి పగులు వెడల్పు కొలిచినాము. ఏడాది కొలిచినాము. ఎండాకాలములో గాజు పగిలినది, పగులు విచ్చినది. వానలు పడిన తరువాత పగులు దాదాపు మూసుకొన్నది. ద్వారము కూడా అట్లే. వానకాలములో తలుపు బిగుసుకొనేది, ఎండలో వదులయ్యేది.

ఇదే గుర్తు. బరువు మోయలేక పునాది క్రుంగితే పగులు పెరుగుటయే గాని మూసుకొనుట ఉండదు. ఋతువుతో పాటు విచ్చి మూసుకొను పగులు రేగడి ఊపిరి తీయుటను చూపుతుంది. అయితే నూరేండ్లకు పైబడి నిలిచిన గోడ ఇప్పుడే ఎందుకు పగిలినది? గోడ ప్రక్కన గుంట తవ్వి చూచినాము. ఆరు అడుగుల వరకు రేగడి, దాని క్రింద గట్టి సుద్దనేల. పునాది రేగడి నడుమనే ఆగినది. ఉత్తరపు వైపు మన్ను నడివేసవిలో కూడా చేతికి అంటుకొనేంత తడిగా ఉన్నది. దక్షిణపు వైపు నెఱియలు. కారణము మన కంటి ముందే ఉన్నది. అభిషేకజలము సోమసూత్రము గుండా ఉత్తరమునకే వస్తుంది. పూర్వము ఆ నీరు వాలున పారి పూలతోటకు పోయేది. ఏండ్ల తరబడి వీధి రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుట వలన ఆలయ ప్రాంగణము పల్లమైనది, వాలు తిరగబడినది, అభిషేకజలము గోడ పాదమున నిలిచినది. కాలువ నీరు వచ్చిన పిమ్మట ఊరి నేలలో తడి కూడా మునుపటి వలె లేదు. అనగా గోడ మారలేదు, గోడ చుట్టూ స్థలము మారినది.

రోగము నీటిలో ఉన్నప్పుడు రాతిని పడగొట్టుట వైద్యము కాదు. గోడ వెంబడి మూడడుగుల వెడల్పున రేగడిని కొంచెము కొంచెముగా తీసి, గట్టి గ్రావెలు నింపి దిమ్మిస కొట్టించినాము. గోడకు ఆనుకొని బయటకు వాలుగా రాతిపరుపు వేయించినాము. సోమసూత్రము నుండి నీరు కారని కాలువ కట్టి అభిషేకజలమును మరల తోటకే పంపినాము. పగుళ్ళను సున్నపు గచ్చుతో నింపినాము, సిమెంటుతో కాదు. సున్నము కొంచెము కదలికను ఓర్చుకొంటుంది, సిమెంటు ఓర్చుకొనక ప్రక్కన క్రొత్త పగులు తెస్తుంది. గర్భాలయమును ముట్టుకొనలేదు. క్రొత్తగా కట్టిన వంటశాలకు మాత్రము ఇంజనీరు గారు క్రింది భాగము గంటవలె వెడల్పైన గుంజ పునాదులు వేయించినారు. రేగడినేలలకు ఇట్టి పునాదులు సాధారణముగా పన్నెండు అడుగుల లోతు వరకు, తడిపొడి మార్పు చేరని నేల దాకా దింపుతారు. క్రొత్త కట్టడమునకు క్రొత్త విద్య తగినది. ఈ వైద్యమునకు కూడా హద్దు ఉన్నది. కాలువలో చెత్త నిండి నీరు మరల గోడ పాదమునకు చేరితే రెండు మూడు వేసవులలో ఆ పగుళ్ళే తిరిగి వస్తాయి. గాజుపట్టీలను అందుకే తీయించలేదు.

మరొక విషయము దాతలకు ప్రత్యేకముగా విన్నవించవలసి ఉన్నది. ప్రదక్షిణమార్గమునకు చీమకుర్తి నల్లగ్రానైటు పరిపిస్తామని ఒక కుటుంబమువారు వాగ్దానము చేసినారు. ప్రకాశము జిల్లా భూమి నుండి వచ్చిన ఆ రాయి నల్లని ఆకాశములో చుక్కలవలె మెరుస్తుంది. లోకమంతటా దానికి గిరాకీ ఉన్నది. ఇది మన నేల రాయియే కదా, స్థలదేవతకు ఇంతకంటె ప్రియమైనది ఏమున్నది అని వారు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. రాయి ఇక్కడిదే అయినంత మాత్రాన పని ఇక్కడిది కాదు. నునుపు తేల్చిన నల్లరాయి మన వైశాఖపు మధ్యాహ్నము నిప్పులపళ్ళెము అవుతుంది, తడిసిన నాడు జారుతుంది. ప్రదక్షిణము చేసేది వట్టికాళ్ళతో, అందులో ఎక్కువమంది పెద్దవయసువారు. మాచర్ల వైపు నుండి వచ్చిన పాత నాపరాళ్ళు గరుకుగా, లేతరంగులో ఉన్నవి, ఎండను అంతగా పట్టవు. పగిలినవి మార్చి, తక్కినవి ఎత్తి సరిచేసి అక్కడనే పరిపించినాము. ఆ కుటుంబమువారు పెద్దమనసుతో అంగీకరించి తమ గ్రానైటును మండపము లోపల, నీడలో, స్వామివారి ఎదుట వేయించినారు. దీపము వెలిగించిన సాయంకాలము అందులో ప్రతిబింబము చూడండి.

ఈ ఒక్క ఉదాహరణములో సదస్సువారికి నేను చెప్పదలచిన పరీక్ష మొత్తము ఉన్నది. కట్టడములో ఏ భాగమును మార్చవలసి వచ్చినా, ఇది ఎంత పాతది అని అడుగుటకు ముందు, ఇది దేనితో సంబంధము కలుపుచున్నది అని అడగాలి. నీటితోనా, ఎండతోనా, నడిచే కాళ్ళతోనా, చూపుతోనా? ఆ సంబంధము నిలుస్తుంటే రాయి మారినా చింత లేదు. సంబంధము తెగుతుంటే అదే రాయిని అదే వరుసలో పేర్చినా నాగార్జునకొండ మీది మెట్లవలె మిగులుతుంది.

ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి లేచి, ‘స్వామీ, రోడ్డు ఇంకా ఎత్తు పెరిగితే మీరేమి చేస్తారు?’ అని అడిగినాడు. తెలివైన ప్రశ్న. పాతరోడ్డును గీకి తీసిన పిమ్మటనే క్రొత్తది వేయవలెనని గ్రామపెద్దల ద్వారా అర్జీ పెట్టినాము. అది వ్రాత మీద ఉన్నది, ఇంకను నేల మీదికి రాలేదు. అంతవరకు వానకాలమునకు ముందు కాలువ పూడిక తీయు కైంకర్యము భక్తులదే. జ్యేష్ఠమాసము మొదటి ఆదివారము ఉదయము పారలు, తట్టలు తీసుకొని రావలసినదిగా ప్రార్థన.